చేసింది మీ అన్నయ్య

భోజనాల దగ్గర ఆడపడుచు గుత్తొంకాయ కూర రెండోసారి వడ్డించుకుంటూ, "కూర అదిరింది వదినా, ఎలా చేశావు?" అని అడిగింది. వదిన నవ్వి, "చేసింది నేను కాదమ్మా, మీ అన్నయ్య" అంది. కూర్చున్నవాళ్ళంతా అన్నయ్య వైపు చూశారు. ఆయన చారు గిన్నె మీదికి చూపు తిప్పుకున్నాడు.

తెలుగు పుట్టి పెరిగినవాళ్ళకు ఈ మాటలో వింతేమీ కనిపించదు. అదే పంక్తిలో తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న పొరుగు రాష్ట్రం అతను ఒకడు ఉంటే మాత్రం ముద్ద మధ్యలో ఆగిపోతుంది. "నేను" అంటే "చేశాను" అనాలని, "అన్నయ్య" అంటే "చేశాడు" అనాలని, "చేసింది" అన్నది ఆమెకో, పిల్లికో, యంత్రానికో వాడాలని అతనికి మొదటి నెలలోనే నేర్పి ఉంటారు. ఇక్కడ వదిన తన గురించీ చేసిందనే అంది, భర్త గురించీ చేసిందనే అంది. ఎవరూ తప్పు పట్టలేదు. పైగా "చేశాను నేను కాదు" అని ఉంటే అప్పుడు అందరూ ఆమె వైపు విచిత్రంగా చూసేవాళ్ళు.

కారణం ఏమిటంటే, ఇక్కడి "చేసింది" అసలు క్రియే కాదు. బళ్ళో క్రియాజన్య విశేషణం అని చెప్పే "చేసిన" అనే మాటకు "అది" చేరి "చేసినది" అయింది, నోట్లో నలిగి "చేసింది" అయింది. "ఆమె చేసింది" అన్నప్పటి క్రియ కూడా పైకి అచ్చంగా ఇలాగే వినిపిస్తుంది కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి. కాలం మార్చి చూస్తే తేడా బయటపడుతుంది. "వంట ఆమె చేస్తుంది" అనేది మామూలు వాక్యం. "వంట చేసేది ఆమె" అనేది రెండో రకం. "చేస్తుంది" వేరు, "చేసేది" వేరు. అలాగే రానివాళ్ళ గురించైతే "రానిది", అవసరం గురించైతే "కావలసింది". "నాకు కావలసింది టైము" అని ఆఫీసులో విసుక్కునే మనిషి వాడుతున్నదీ ఈ అచ్చులో పోసిన వాక్యమే.

ఇందులోని "అది" కూరను గానీ మనిషిని గానీ సూచించదు. "కూర ఎవరో చేశారు" అన్న సంగతి మొత్తాన్నీ మూటకట్టి పక్కన పెడుతుంది. అందుకే ఎవరి గురించి మాట్లాడినా దాని రూపం మారదు. నేను వచ్చింది, మీరు వచ్చింది, వాళ్ళు వచ్చింది, దొరగారు వచ్చింది. కోస్తాలో మామూలుగా "చేశాడు" అంటారు, రాయలసీమలో "చేసినాడు", తెలంగాణలో "చేసిండు". కానీ ఆ ఆడపడుచు ప్రశ్నకు జవాబు మూడు చోట్లా "చేసింది మీ అన్న" అనే వస్తుంది. క్రియ దగ్గర విడిపోయిన యాసలు ఇక్కడ మళ్ళీ కలుస్తాయి.

ఈ చోట "చేసినవాడు మీ అన్నయ్య" అని ఉంటే? వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, వదిన ఏదో నేరం చేసినవాణ్ణి పట్టించినట్టు ఉంటుంది. "చేసినవాడు" అన్నప్పుడు ముందు ఒక మనిషి కళ్ళముందుకు వస్తాడు, తర్వాత అతని పేరు తెలుస్తుంది. "చేసింది" అన్నప్పుడు ముందు ఒక పని కనిపిస్తుంది, దాని పక్కన ఒక ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో పేరు వచ్చి కూర్చుంటుంది.

ఒకే వాక్యంగా ఉండాల్సినదాన్ని ఇలా రెండు ముక్కలుగా విడదీయడాన్ని భాషాశాస్త్రంలో చీలికగా చూస్తారు. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ ఇంగ్లీషులోని ఇలాంటి వాక్యాలకు 1937లో చీలిక వాక్యాలని అర్థమొచ్చే పేరు పెట్టాడు. మన బళ్ళలో దీనికి నిలదొక్కుకున్న పేరు లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి. సంధికి ఒకటి, సమాసానికి ఒకటి, క్రియకు ఒకటి ఉన్నాయి గానీ, వాక్యానికంటూ ప్రత్యేకంగా ఒకటి లేదు. గుణసంధి సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పే పిల్లలు, తాము రోజూ పది సార్లు వాడే ఈ వాక్యం గురించి ఒక్క ముక్క వినకుండా బడి దాటేస్తారు.

దీని సత్తువ తెలియాలంటే ఒక మామూలు వాక్యం తీసుకుని చీల్చి చూడాలి. "రమేష్ నిన్న పెద్దమ్మకు పది వేలు ఇచ్చాడు." ఎవరిచ్చారన్నది తగువైతే, "నిన్న పెద్దమ్మకు పది వేలు ఇచ్చింది రమేష్" అంటారు. మొన్నా నిన్నా అన్నది తేలాలంటే, "రమేష్ పెద్దమ్మకు పది వేలు ఇచ్చింది నిన్న." డబ్బు పిన్నికి చేరిందని ఎవరైనా పొరబడితే, "రమేష్ నిన్న పది వేలు ఇచ్చింది పెద్దమ్మకు." లెక్క దగ్గర తేడా వస్తే, "రమేష్ నిన్న పెద్దమ్మకు ఇచ్చింది పది వేలు." జరిగింది ఒకటే. ఇవి నాలుగు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. ఒకదాని బదులు ఇంకొకటి చెబితే విన్నవాడు "నేను అడిగింది అది కాదు" అంటాడు. అలా అనడానికి అతను వాడేదీ ఈ వాక్యమే.

ఇక్కడ గమనించదగ్గ సంగతి ఒకటుంది. పెద్దమ్మ చివరికి వెళ్ళినా తన "కు"ను వెంట తీసుకెళ్ళింది. "ఇచ్చింది పెద్దమ్మ" అంటే డబ్బు ఇచ్చిన మనిషే మారిపోతుంది. "నేను చూసింది రాముణ్ణి", "వాళ్ళు వచ్చింది బస్సులో", "ఆయన అలిగింది పీట కోసం". విభక్తి మాటను అంటిపెట్టుకునే ఉంటుంది. చివరికి వెళ్ళలేనిది క్రియ ఒక్కటే. పని మీదే ఒత్తు పెట్టాలంటే దాన్ని "డం" చేర్చి పేరుగా మార్చాలి, ముందు "చేసింది" పెట్టాలి: "రమేష్ చేసింది అప్పివ్వడం కాదు, ఊరికే ఇవ్వడం."

మాట్లాడేటప్పుడు ఇంత హంగు లేకుండా గొంతుతోనే నెట్టుకు రావచ్చు. "నిన్న రమేష్ ఇచ్చాడు" అన్నప్పుడు "రమేష్" దగ్గర గొంతు పైకి లేపితే చాలు. కాగితం మీద గొంతు ఉండదు. రాతలో చీలిక వాక్యం చేసే పని అదే, చదివేవాడి కంటికి ఒత్తు ఎక్కడుందో చూపించడం.

అయితే ప్రతి ఒత్తుకూ ఇది పనికిరాదు. దీనికో షరతుంది. మూటకట్టి ముందు పెట్టిన సగం వినేవాడికి అప్పటికే తెలిసి ఉండాలి, లేదా కాదనకుండా ఒప్పుకునేదై ఉండాలి. కూర ఎవరో చేశారన్నది ఆడపడుచుకు తెలుసు, కంచంలో ఉంది. తెలియనిది, లేదా తప్పుగా అనుకున్నది, చేసిన మనిషి ఎవరన్నదే. ఫోనెత్తగానే "ఎవరండీ మాట్లాడేది?" అని అడుగుతారు. ఎవరో మాట్లాడుతున్నారన్నది చెవిలో వినిపిస్తూనే ఉంది కదా. (మాటల్లో ఇలా ఒత్తున్న ముక్క ముందుకు కూడా దూకుతుంది. రాతలో చివర ఉంటేనే బాగుంటుంది.) అదే మనిషి కూరగాయల బండి దగ్గరికి వెళ్ళి ఉత్తపుణ్యానికి "నాకు కావలసింది వంకాయలు" అనడు, "వంకాయలు అరకిలో ఇవ్వు" అంటాడు. బండివాడు బెండకాయలు తూచడం మొదలుపెట్టాకే "నాకు కావలసింది వంకాయలయ్యా" అన్న వాక్యానికి చోటు దొరుకుతుంది.

ఈ షరతు తెలియకపోతే ఇరుక్కునే చోట్లు కూడా ఉన్నాయి. ఊరి పంచాయతీలో ఒక కుర్రవాణ్ణి నిలబెట్టి, పక్కవీధి అబ్బాయిని కొట్టావా అని అడిగారనుకుందాం. "నేను అతణ్ణి కొట్టలేదు" అంటే సంగతి అక్కడితో సరి. భయంలో నోరు జారి "నేను కొట్టింది అతణ్ణి కాదు" అన్నాడా, పెద్దమనుషుల్లో ఒకాయన వెంటనే "మరి ఎవర్ని?" అంటాడు. కాదనబోయి, ఎవరినో ఒకర్ని కొట్టిన మాట నిజమేనని తానే ఒప్పేసుకున్నాడు. "లేదు" మొత్తం పనినే కొట్టేస్తుంది. "కాదు" చివరి ముక్కను మాత్రమే కొట్టేసి, మూటను అలాగే వదిలేస్తుంది. ఈ రెండిటి తేడా తెలుగువాడికి పసితనంలోనే పట్టుబడుతుంది గానీ, ఎవరూ అతనికి విడమరిచి చెప్పరు. ప్రశ్నలోనూ అంతే. "డబ్బు తీసుకున్నావా?" అనేది ఆరా. "డబ్బు తీసుకుంది ఎవరి దగ్గర?" అనేది ఉచ్చు. రెండో ప్రశ్నకు ఏ పేరు చెప్పినా తీసుకున్నట్టే. కోర్టు సీన్లు రాసే సినిమా రచయితలకు ఈ కిటుకు బాగా తెలుసు.

ఒత్తు పలికించడానికి తెలుగులో ఇంతకంటే తేలికైన సాధనం ఇంకొకటుంది, మాట చివర చేరే "ఏ". "మీ అన్నయ్యే చేశాడు" అని వదిన అనొచ్చు. అప్పుడు ఆ మాటలో కాస్త ఆశ్చర్యమో, మెచ్చుకోలో తొంగిచూస్తుంది. ఎవరి సాయమూ లేకుండా ఆయనే చేశాడన్న ధ్వని వస్తుంది. "చేసింది మీ అన్నయ్య" మాత్రం లెక్క సరిచేసే వాక్యం, పొరబాటున తన ఖాతాలో పడ్డ మెప్పును తీసి అసలు మనిషి ఖాతాలో వేయడం. రెండూ కలిపి "చేసింది మీ అన్నయ్యే" అంటే, ఆడపడుచు నమ్మనప్పుడు రెట్టించి చెప్పడం. మొదటిసారే రెట్టించి చెబితే వినేవాళ్ళకు అనుమానమొస్తుంది.

పొరుగు భాషల్లోనూ ఇదే కుటుంబ పోలిక ఉంది. తమిళంలో, కన్నడంలో వాక్యం ఇంచుమించు ఇలాగే చీలుతుంది. మలయాళీలైతే ఒత్తున్న మాట పక్కన "ఆణ్" అనే చిన్న మాట తగిలించి, ఎక్కడికి వెళ్తున్నావని అడగడానికి కూడా తరచు చీలిక వాక్యమే వాడతారు. తెలుగుకు అలాంటి అతుకు మాట అక్కర్లేదు. "వచ్చింది రాముడు", అంతే. మధ్యలో ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడం కొందరికి వెలితిగా కనిపిస్తుంది కాబోలు. టీవీ చర్చల్లో, ఉపన్యాసాల్లో, ఇంగ్లీషు నుంచి హడావిడిగా దింపిన వార్తల్లో ఆ ఖాళీని "ఏమిటంటే"తో పూడుస్తున్నారు. "మాకు కావలసింది ఏమిటంటే న్యాయం." "ప్రభుత్వం ఇచ్చింది ఏమిటంటే హామీ." ఒక్క మాట చెప్పడానికి ఇంత దండోరా ఎందుకు? "ఏమిటంటే"కు తనదంటూ ఒక చోటుంది. దాని తర్వాత నిండు వాక్యం రావాలి. "నేను చెప్పేదేమిటంటే, రేపు బందంటున్నారు కాబట్టి ఈ రాత్రికే బయల్దేరదాం." ఇక్కడ అది లేకపోతే చెప్పబోయేది ఎక్కడ మొదలైందో తెలియదు. వెనక వచ్చేది ఒక్క పేరే అయితే అది దారికి అడ్డం. "మాకు కావలసింది న్యాయం" అంటే సూటిగా తగులుతుంది. "అనేది" జబ్బు ఇంకా ముదిరింది. "సమయం అనేది మనకు కావలసింది అనేది ముఖ్యం" లాంటి వాక్యాన్ని "మనకు కావలసింది సమయం" అని కుదించినా పోయేదేమీ లేదు. ఇక "రాముడే ఎవరైతే నిన్న వచ్చాడో ఆ వ్యక్తి" అని మొదలుపెట్టేవాళ్ళు ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చొక్కా తొడుగుతున్నారు. "నిన్న వచ్చింది రాముడు" అనే మూడు మాటల్లో అంతా ఉంది.

రెండో రకం ఎబ్బెట్టు చివరన వస్తుంది. ఒత్తున్న ముక్క పడ్డాక వాక్యం ఆగిపోవాలి. "కూర చేసింది మీ అన్నయ్య నిన్న రాత్రి కట్టెల పొయ్యి మీద" అంటే, వినేవాడు "అన్నయ్య" దగ్గర తల ఊపి, ఆ తర్వాత వచ్చేదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడతాడు. రాత్రి, పొయ్యి రెండూ మూటలోకి వెళ్ళాలి: "నిన్న రాత్రి కట్టెల పొయ్యి మీద కూర చేసింది మీ అన్నయ్య." చివరి మాట వెనక "కదా", "అండీ", "కాదు" లాంటి చిన్న ముక్కలకు మాత్రమే చోటుంటుంది.

మూడో చిక్కు రాసేవాళ్ళది. "కమల చూసింది రాధను" అని కాగితం మీద ఉంటే, అది మామూలు వాక్యం అటూ ఇటూ అయిందా, లేక కమల చూసింది ఇంకెవర్నో కాదు రాధనని అర్థమా? స్త్రీల గురించి, వస్తువుల గురించి రాసేటప్పుడే ఈ గందరగోళం. పురుషుల పేర్లతో రాదు. "గోపి చూశాడు రాధను", "గోపి చూసింది రాధను" రెండూ కంటికే వేరు. కమల వాక్యానికి మందు తేలికే. "కమల చూసింది రాధను, లతను కాదు" అని ఎదురు ముక్క జోడిస్తే సందేహం పోతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు మాత్రం ఎక్కువ వాడటమే. వాడకంలో ఎలా ఉంటుందో చూడటానికి పురపాలక కార్యాలయానికి రాసిన ఒక ఫిర్యాదును ఊహించుకుందాం. మొదటిసారి రాసింది ఇలా ఉంది:

"మా వీధి కుళాయి పాడైంది పది రోజుల క్రితం. మేము ఫిర్యాదు చేసింది మూడు సార్లు. మీ సిబ్బంది వచ్చింది ఒక్కసారి. వాళ్ళు మార్చింది వాషరు. కానీ పాడైంది వాల్వు. మాకు కావలసింది ఏమిటంటే కొత్త వాల్వు."

రాసినాయన కోపంలో ఉన్నాడు, ప్రతి వాక్యం చివరా బల్ల గుద్దాడు. ఆరు సార్లు గుద్దితే ఇంజనీరుకు చప్పుడే వినిపిస్తుంది, సంగతి వినపడదు. విడివిడిగా చూస్తే మొదటి వాక్యమే నిలవదు. కుళాయి పాడైనట్టు ఇంజనీరుకు ఇంకా తెలియదు, అది తెలిసిన సంగతే అన్నట్టు తేదీ మీద ఒత్తు పెట్టడం అకాలం. రెండో వాక్యం ఇంకా అన్యాయం, ఆయన మీదికే తిరగబడుతుంది. అంకె చివరకు వస్తే "ఇంతే" అన్న నీడ పడుతుంది కాబట్టి, మూడు సార్లు చేయడం తక్కువని ఆయనే ఒప్పుకున్నట్టుంది. మూడోదానికి ఆ నీడే బలం, ఒక్కసారే వచ్చారన్నదే ఫిర్యాదు. కానీ రెండోదాని పక్కన పడి ఆ బలం కరిగిపోయింది. నాలుగో వాక్యం అయిదో వాక్యానికి మెట్టు మాత్రమే, దానికి సొంతంగా ఒత్తు అక్కర్లేదు. అయిదోది అసలైన చోట పడింది. సిబ్బంది ఏదో పాడైందనుకున్నారు, అది తప్పు, ఇదిగో సరైనది. ఆరోది అయిదోదాన్నే "ఏమిటంటే" పెట్టి మళ్ళీ చెప్పడం.

తిరగరాస్తే ఇలా వచ్చింది:

"మా వీధి కుళాయి పది రోజుల క్రితం పాడైంది. మూడు సార్లు ఫిర్యాదు చేస్తే మీ సిబ్బంది ఒకసారి వచ్చి వాషరు మార్చి వెళ్ళారు. పాడైంది వాషరు కాదు, వాల్వు. అది మారిస్తే తప్ప నీళ్ళు రావు."

కోపం తగ్గలేదు. "మూడు సార్లు", "ఒకసారి" పక్కపక్కన కూర్చుని ఎవరూ గుద్దకుండానే గుచ్చుతున్నాయి. ఆరు వాక్యాలు నాలుగయ్యాయి. చీలిక వాక్యం ఒక్కటే మిగిలింది, ఇంజనీరు సామాను చీటీలో రాసుకోవలసిన మాట కూడా అందులోనే ఉంది.